ప్యాకెట్ వెనక ఫొటో నుంచి ఎక్సెల్ పట్టికదాకా: అంకెలు ఎక్కడ దారి తప్పుతాయి?

ఒంగోలులోనో కావలిలోనో ఒక హోల్‌సేల్ కొట్టు తన సరుకును ఆన్‌లైన్‌లో పెట్టాలనుకుందనుకోండి. ఒక ఫొటో, ఒక ధర పెడితే సరిపోదు. అందులో ఏమేం కలిపారు, వంద గ్రాములకు ప్రొటీన్ ఎంత, కొవ్వు ఎంత, సోడియం ఎంత అన్నవి విడివిడి గళ్ళలో నింపి ఇవ్వాలి. పెద్ద కంపెనీల సరుకుకు ఈ వివరాలు ఎక్కడో ఒకచోట తయారుగా దొరుకుతాయి. చుట్టుపక్కల ఊళ్ళలో చేసే కారం పల్లీలు, చెక్కలు, ఎండురొయ్యల పొడి లాంటివాటికి మాత్రం ప్యాకెట్ వెనక అచ్చేసిందే ఆధారం. దాన్ని ఫోనులో ఫొటో తీసి, అందులోని అక్షరాలను కంప్యూటర్ చేత చదివించి, పట్టికలోకి ఎక్కించడం ఇప్పుడు చాలామంది చేస్తున్న పని. "ఫొటో కొడితే అదే ఎక్కేస్తుంది గదబ్బయ్యా" అంటారు కొట్టువాళ్ళు.

అక్షరాల వరకైతే ఆ మాట చాలావరకు నిజమే. చిక్కంతా అంకెల దగ్గర ఉంది. "Peanuts" అనే మాటలో ఒక అక్షరం తప్పు పడినా మనిషి కంటికి తెలిసిపోతుంది. 720కి బదులు 120 పడితే చూడగానే తెలియదు, ఎందుకంటే 120 కూడా ఒక మామూలు అంకెలాగే కనిపిస్తుంది. ఇలాంటి తప్పును పట్టుకునే మార్గం ఒకటి లేబుల్లోనే ఉంది. అదేమిటో, ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం.

## లేబుల్ మీద ఏముండాలి

మన దేశంలో ప్యాకెట్ ఆహారం లేబుల్‌కు ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి 2020 నాటి లేబులింగ్ నిబంధనలు వర్తిస్తాయి. పోషకాల పట్టికలో శక్తి, ప్రొటీన్, పిండిపదార్థాలు (కార్బోహైడ్రేట్లు), మొత్తం చక్కెర, విడిగా కలిపిన చక్కెర, మొత్తం కొవ్వు, శాచురేటెడ్ కొవ్వు, ట్రాన్స్ ఫ్యాట్, కొలెస్టరాల్, సోడియం ఉంటాయి. ఇవన్నీ 100 గ్రాములకు లేదా 100 మిల్లీలీటర్లకు ఎంతెంత అన్నది చెప్పాలి. దాని పక్కన ఇంకో వరుస ఉంటుంది. ఒకసారి తినే పరిమాణంలో, అంటే ఒక సర్వింగ్‌లో, రోజుకు సరిపడే మోతాదులో ఎన్ని శాతం వస్తుందో అది చెబుతుంది. ఆ శాతానికి కొలమానం అందరికీ ఒకటే: రోజుకు 2000 కిలో క్యాలరీలు, 67 గ్రాముల కొవ్వు, 22 గ్రాముల శాచురేటెడ్ కొవ్వు, 2 గ్రాముల ట్రాన్స్ ఫ్యాట్, 50 గ్రాముల కలిపిన చక్కెర, 2000 మిల్లీగ్రాముల సోడియం.

ఈ శాతాల వరుసను చాలామంది పట్టించుకోరు. పట్టిక తయారుచేసేవాళ్ళకు మాత్రం ఇది చాలా విలువైనది. ఒకే విషయాన్ని లేబుల్ రెండు రకాలుగా చెబుతోందన్నమాట. సోడియం వంద గ్రాములకు 720 మిల్లీగ్రాములని ఒకచోట, 30 గ్రాముల సర్వింగ్‌కు రోజు మోతాదులో 11 శాతమని ఇంకోచోట. రెంటిలో ఒకటి తప్పుగా చదివితే రెండోది ఆ తప్పును బయటపెట్టేస్తుంది.

## దశాంశ చుక్క ఎందుకు మాయమవుతుంది

ఫొటోలోని అక్షరాలను గుర్తుపట్టే పద్ధతిని ఓసీఆర్ అంటారు. ఉచితంగా దొరికేవాటిలో బాగా వాడుకలో ఉన్నది టెసరాక్ట్. 1980లలో హెచ్‌పీ సంస్థలో మొదలై, 2005లో అందరికీ తెరిచి ఇచ్చిన ప్రోగ్రాం ఇది. తెలుగు కూడా చదువుతుంది. ఇలాంటి ప్రోగ్రాములు బాగా చదవాలంటే పెద్ద అక్షరం ఎత్తు ఫొటోలో సుమారు 20 నుంచి 30 పిక్సెళ్ళు ఉంటే మంచిది.

దీన్ని ప్యాకెట్‌కు అన్వయించి చూద్దాం. 20 సెంటీమీటర్ల పొడవున్న ప్యాకెట్‌ను మొత్తం ఫ్రేములో వచ్చేలా ఫొటో తీశాం. ఎవరికో పంపేటప్పుడు అది కుదించుకుపోయి, నిలువు పక్క 1600 పిక్సెళ్ళకు వచ్చింది. అంటే ఒక మిల్లీమీటరుకు 8 పిక్సెళ్ళు. పోషకాల పట్టికలో అంకె ఎత్తు 1.2 మిల్లీమీటర్లు అనుకుంటే, ఫొటోలో అది పది పిక్సెళ్ళకు అటూ ఇటూ వస్తుంది. దశాంశ చుక్క వెడల్పు 0.2 మిల్లీమీటర్లు ఉంటే దానికి దక్కేది ఒకటిన్నర పిక్సెల్. జేపెగ్ పద్ధతి ఫొటోను 8 పిక్సెళ్ళ చదరాలుగా విడగొట్టి కుదిస్తుంది కాబట్టి, ఆ ఒకటిన్నర పిక్సెల్ పక్క రంగులో కలిసిపోతుంది. 34.4 కాస్తా 344 అవుతుంది. ప్రోగ్రాం చదవలేక చేసిన తప్పు కాదిది, చుక్క ఫొటోలోనే లేదు. తర్వాత ఫొటోను ఎంత పెద్దది చేసినా తిరిగి రాదు.

అదే ఫొటోను 8 సెంటీమీటర్ల పట్టిక భాగం మాత్రమే ఫ్రేము నిండేలా తీస్తే, మిల్లీమీటరుకు 20 పిక్సెళ్ళు దక్కుతాయి. అంకె 24 పిక్సెళ్ళు, చుక్క 4 పిక్సెళ్ళు. అదే ఫోను, అదే ప్యాకెట్, అదే 1600 పిక్సెళ్ళు. చుక్క మాత్రం నిలబడింది.

ఇంకో పేరుమోసిన తప్పు `g` ను 9గా చదవడం. `0.5g` అని దగ్గరగా అచ్చేసి ఉంటే `0.59` అయిపోతుంది. యూనిట్ పోయి, అంకె పెరిగి, చూడటానికి మాత్రం శుభ్రంగా ఉంటుంది.

## అంకె దొరికింది, అది ఎవరిది?

ఓసీఆర్ మాటలతోపాటు అవి ఫొటోలో ఎక్కడున్నాయో కూడా చెబుతుంది. ఎడమ అంచు నుంచి ఎంత దూరం, పైనుంచి ఎంత దూరం, చదివినదాని మీద తనకెంత నమ్మకం అన్నవి ప్రతి మాట పక్కనా ఇస్తుంది:

```
text      left   top   conf
Protein     62   310     95
18.5       418   312     93
Sodium      60   545     94
120        421   548     71
11         590   547     90
```

పైనుంచి దూరం దాదాపు ఒకటే అయితే అవి ఒకే అడ్డువరుసలోవి. ఎడమ నుంచి దూరం దాదాపు ఒకటే అయితే ఒకే నిలువువరుసలోవి. 418, 421 దగ్గరున్నవి వంద గ్రాముల విలువలు, 590 దగ్గరున్నది శాతం. ఈ స్థానాలను పక్కనబెట్టి, చదివిన వాక్యాన్ని ఖాళీల దగ్గర ముక్కలు చేసుకుంటూ పోతే మొదటి అంకె మొదటి గడిలో, రెండో అంకె రెండో గడిలో పడుతుంది. మధ్యలో ఒక అంకె చదవలేకపోతే పక్కది జరిగి వచ్చి దాని కుర్చీలో కూర్చుంటుంది.

సీసాలు, డబ్బాల మీద ఇంకో ఇబ్బంది ఉంది. గుండ్రటి వంపు మీద అడ్డగీత కూడా వంగి కనిపిస్తుంది. పట్టికలో వరుసకూ వరుసకూ మధ్య రెండున్నర మిల్లీమీటర్లే ఉండి, కుడి అంచు దగ్గరికి వచ్చేసరికి గీత మూడు మిల్లీమీటర్లు కిందికి వంగితే, ప్రొటీన్ పక్కన ఉండాల్సిన అంకె పిండిపదార్థాల వరుసలో కనిపిస్తుంది. నాలుగు మూలలు పట్టుకుని ఫొటోను చక్కదిద్దే ప్రోగ్రాములు ఏటవాలుగా తీసిన ఫొటోను సరిచేస్తాయి గానీ ఈ వంపును సరిచేయలేవు. డబ్బాను కొంచెం కొంచెం తిప్పుతూ రెండు మూడు ఫొటోలు తీసేది ఇందుకే.

## ఒక ప్యాకెట్‌తో లెక్క

నమూనాకు 150 గ్రాముల కారం పల్లీల ప్యాకెట్ ఒకటి ఊహించుకుందాం. సర్వింగ్ 30 గ్రాములని లేబుల్ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఫొటో నుంచి ఓసీఆర్ చదివి ఇచ్చింది ఇది. మొదటి అంకె వంద గ్రాములకు, రెండోది ఒక సర్వింగ్‌కు రోజు మోతాదులో శాతం.

```
Energy (kcal)       536    8
Protein (g)         18.5
Carbohydrate (g)    38.0
Total Sugars (g)    4.5
Added Sugars (9)    2.0    1
Total Fat (g)       344    15
Saturated Fat (g)   6.2    8
Trans Fat (g)       2
Cholesterol (mg)    0
Sodium (mg)         120    11
```

కొవ్వు 344 అన్నది కుదరదు. వంద గ్రాముల్లో 344 గ్రాముల కొవ్వు పట్టదు కదా. ఇది తేలికగా దొరికిపోయే తప్పు. అయితే సరైనది ఎంత? రెండు దారుల్లో వెతకవచ్చు. కిలో క్యాలరీనే వాడుకలో క్యాలరీ అంటాం. ప్రొటీన్ గ్రాముకు 4 క్యాలరీలు, పిండిపదార్థాలు గ్రాముకు 4, కొవ్వు గ్రాముకు 9 అన్నది అందరూ వాడే లెక్క. 18.5 గ్రాముల ప్రొటీన్‌కు 74, 38 గ్రాముల పిండిపదార్థాలకు 152. మొత్తం 536లో ఈ రెండూ తీసేస్తే 310 మిగులుతుంది. తొమ్మిదితో భాగిస్తే 34.4. రెండో దారి శాతం నుంచి. 67 గ్రాముల్లో 15 శాతం అంటే సుమారు 10 గ్రాములు, అది 30 గ్రాముల సర్వింగ్‌లో. శాతాన్ని పూర్ణాంకానికి సవరించి ఉంటారు కాబట్టి అసలు విలువ 14.5కూ 15.5కూ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఆ లెక్కన వంద గ్రాములకు కొవ్వు 32.4 నుంచి 34.6 దాకా ఉండాలి. 34.4 అందులో ఉంది. రెండు దారులూ ఒకేచోటికి వచ్చాయి.

సోడియం సంగతి వేరు. 120 మిల్లీగ్రాములు అసాధ్యమేమీ కాదు, ఎన్నో తినుబండారాల్లో అంతే ఉంటుంది. దానికి క్యాలరీలు లేవు కాబట్టి క్యాలరీ లెక్క ఇక్కడ నోరు మెదపదు. శాతం మాత్రం చెబుతుంది. వంద గ్రాములకు 120 అయితే 30 గ్రాములకు 36, అది 2000లో 2 శాతం కూడా కాదు. లేబుల్ మీద 11 ఉంది. 11 శాతం నుంచి వెనక్కి లెక్కేస్తే వంద గ్రాములకు 700 నుంచి 767 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. ఇది తెలిశాక ఫొటోలో ఆ చోటును పెద్దది చేసి చూస్తే, మడత పడిన ప్లాస్టిక్ మెరుపు కింద 7 పైగీత పోయి 1లా కనిపిస్తోందని అర్థమవుతుంది. పైన ఇచ్చిన వివరాల్లో 120 పక్కన నమ్మకం 71 మాత్రమే ఉండటం కూడా ఒక ఆనవాలు.

ట్రాన్స్ ఫ్యాట్ దగ్గరున్న 2 అన్నిటికంటే మాయదారి తప్పు. దాని స్థానం చూస్తే ఎడమ నుంచి 590 దగ్గర ఉంది, అంటే అది శాతాల వరుసలోది. వంద గ్రాముల గడిలో `<0.1` అని సన్నగా అచ్చేసినది అసలు చదవనేలేదు, దాంతో శాతం వచ్చి అక్కడ చేరింది. శాతం దగ్గర కూడా `<2` అని ఉన్నదాంట్లో గుర్తు ఎగిరిపోయింది. స్థానాలు చూడకుండా పట్టికలోకి ఎక్కించి ఉంటే, దాదాపు ట్రాన్స్ ఫ్యాట్ లేని ప్యాకెట్‌కు వంద గ్రాములకు 2 గ్రాములని రాసి ఉండేవాళ్ళం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. లెక్క 34.4 అని చెప్పినంత మాత్రాన ఆ అంకెను నేరుగా పట్టికలో వేయకూడదు. లెక్క చేసే పని ఎక్కడ చూడాలో వేలు చూపించడం వరకే. చూసి రాయడం మనిషి పని, లేదా దగ్గరగా తీసిన ఇంకో ఫొటో పని.

## లెక్కకు దొరకనివి

పై ఉదాహరణ చూసి ఈ లెక్కలు అన్నీ పట్టేస్తాయనుకుంటే పొరపాటు. ప్రొటీన్ 18.5ని 16.5గా చదివామనుకోండి. క్యాలరీల్లో తేడా 8 మాత్రమే. లేబుల్ మీది అంకెలు సవరించినవి కాబట్టి కొంత తేడా వదిలేయక తప్పదు. 5 శాతం వదిలేస్తే, 536 క్యాలరీల ప్యాకెట్‌లో దాదాపు 27 క్యాలరీలు. ఆ నీడలో మూడు గ్రాముల కొవ్వు, ఆరు గ్రాముల ప్రొటీన్ దాకా హాయిగా దాక్కుంటాయి. తేడాను ఇంకా తగ్గిస్తే సరైన లేబుళ్ళు కూడా తప్పుగా కనబడటం మొదలవుతుంది.

ముఖ్యంగా పీచు ఎక్కువున్న సరుకు దగ్గర ఇది జరుగుతుంది. పీచుకు గ్రాముకు 2 క్యాలరీలే లెక్కగడతారు. కొందరు దాన్ని పిండిపదార్థాల్లో కలిపి చూపిస్తారు, కొందరు విడిగా చూపిస్తారు. పది గ్రాముల పీచును పిండిపదార్థంగా లెక్కేస్తే మన లెక్క లేబుల్ కంటే 20 క్యాలరీలు ఎక్కువ వస్తుంది. లేబుల్‌లో తప్పు లేదు, చదవడంలోనూ తప్పు లేదు. అందుకే లెక్క తప్పిన వరుసను కొట్టేయకుండా, చూడాల్సిన వాటి జాబితాలో పెడతారు.

చక్కెరకు ఒక చిన్న కంచె ఉంది. కలిపిన చక్కెర మొత్తం చక్కెరను మించదు, మొత్తం చక్కెర పిండిపదార్థాలను మించదు. 4.5 కాస్తా 45 అయితే 38ని దాటుతుంది కాబట్టి దొరికిపోతుంది. 4.5 గనక 4.8 అయితే దొరకదు. కొలెస్టరాల్‌కు ఆ కంచె కూడా లేదు. సర్వింగ్ 30 గ్రాములన్న చిన్న అక్షరాల వాక్యం ఫొటోలో పడకపోతే శాతాల లెక్క మొత్తం చేతికి రాకుండా పోతుంది. పట్టిక ఒక్కటే ఫ్రేము నిండా తీసేటప్పుడు తెగిపోయేది సరిగ్గా ఆ వాక్యమే.

## ఖాళీ వేరు, సున్నా వేరు

పట్టికలో ఒక గడి ఖాళీగా ఉంటే దానికి కనీసం మూడు అర్థాలుంటాయి. లేబుల్ మీద ఆ పోషకమే లేదు. ఉంది గానీ చదవలేకపోయాం. లేదా ఆ గడి లేబుల్ మీదే ఖాళీగా ఉంది, పై ప్యాకెట్‌లో ప్రొటీన్ పక్కన శాతం లేనట్టు. ఎక్సెల్‌లో ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఎవరో ఒకరు ఖాళీలన్నీ సున్నాలతో నింపేస్తే ఇక వెనక్కి తిరిగే దారి లేదు. అలాగే `<0.1` అంటే సున్నా కాదు, 0.1 కూడా కాదు. అందుకే గుర్తుకు ఒక గడి, అంకెకు ఒకటి, యూనిట్‌కు ఒకటి, లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టుగా రాసుకోవడానికి ఒకటి, ఆ వరుస ఏ స్థితిలో ఉందో చెప్పడానికి ఒకటి పెట్టుకుంటే మేలు. కారం పల్లీల ప్యాకెట్‌లో కొన్ని వరుసలు ఇలా వస్తాయి:

```
nutrient,per,op,value,unit,printed,status
energy,100g,,536,kcal,536,ok
total_fat,100g,,34.4,g,34.4,reread
trans_fat,100g,<,0.1,g,<0.1,reread
cholesterol,100g,,0,mg,0,unchecked
sodium,100g,,720,mg,720,reread
fibre,,,,,,not_on_label
```

కొలెస్టరాల్ పక్కన `unchecked` అని ఉండటం చూడండి. చదివింది సరిగ్గానే ఉండొచ్చు, దాన్ని సరిచూసే ఇంకో అంకె లేబుల్ మీద లేదు, అంతే. ఈ పట్టికను తర్వాత వాడేవాళ్ళకు ఆ తేడా తెలియాలి.

## కలిపిన పదార్థాల జాబితాలో బ్రాకెట్ల గొడవ

పదార్థాల జాబితాలో అంకెలు తక్కువ, చిక్కు వేరేచోట ఉంది. మన ప్యాకెట్ మీద ఇలా ఉందనుకుందాం:

```
Ingredients: Peanuts (60%), Gram Flour, Rice Flour, Palmolein Oil,
Spices (4%) [Red Chilli Powder, Garlic Powder, Curry Leaf], Sugar,
Iodised Salt, Acidity Regulator (INS 330),
Flavour Enhancers (INS 627, INS 631).
Contains Peanut. May contain Milk, Soy.
```

కామా కనబడ్డ ప్రతిచోటా కోసుకుంటూ పోతే మసాలాల బ్రాకెట్ మధ్యలో తెగుతుంది. వెల్లుల్లి పొడి, కరివేపాకు చక్కెరతో సమానంగా పెద్ద వరుసలో నిలబడతాయి. `INS 631` అనే సంకలితం నంబరు, దాన్ని ఏ పనికి కలిపారో చెప్పే మాట నుంచి విడిపోయి ఒంటరిగా మిగులుతుంది. కాబట్టి బ్రాకెట్ తెరిచినప్పుడు ఒక మెట్టు దిగి, మూసినప్పుడు ఒక మెట్టు ఎక్కి, పై మెట్టు మీదున్న కామాల దగ్గర మాత్రమే కోయాలి. బేకింగ్ సోడా ఉన్న ప్యాకెట్ల మీద `500(ii)` అని వస్తుంది, అంటే బ్రాకెట్‌లో ఇంకో బ్రాకెట్. చివరికి మెట్టు సున్నాకు రాకపోతే ఎక్కడో ఒక బ్రాకెట్‌ను ఓసీఆర్ `l` గానో 1గానో చదివిందని అర్థం. ఫలితం ఇలా వస్తుంది:

```
order,parent,name,percent,code
1,,Peanuts,60,
5,,Spices,4,
5.1,5,Red Chilli Powder,,
8,,Acidity Regulator,,INS 330
9.1,9,Flavour Enhancer,,INS 627
9.2,9,Flavour Enhancer,,INS 631
```

వరుస సంఖ్య ఊరికే పెట్టింది కాదు. ఎక్కువ బరువున్నది ముందు, తక్కువ బరువున్నది తర్వాత రాయాలన్నది నిబంధన. కాబట్టి క్రమమే ఒక సమాచారం. మసాలాలు 4 శాతం బదులు 40గా చదివితే, వాటికి ముందున్న శనగపిండి, బియ్యప్పిండి, నూనె ఒక్కోటి 40 శాతానికి తగ్గకూడదు. పల్లీలు ఇప్పటికే 60 తీసేసుకున్నాయి. కుదరదు. ఉప్పును కూడా ఇలాగే చూడొచ్చు. సోడియాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది. 720 మిల్లీగ్రాములకు 1.8 గ్రాములు. జాబితాలో ఉప్పుకు ముందు చక్కెర ఉంది, కలిపిన చక్కెర 2 గ్రాములు. సరిపోయింది. సోడియం 7200 అని చదివి ఉంటే ఉప్పు 18 గ్రాములై మసాలాలను దాటేసేది. 120 అని చదివినప్పుడు మాత్రం ఉప్పు 0.3 గ్రాములవుతుంది, క్రమానికి అదీ సరిపోతుంది. ఒక లెక్క వదిలేసినదాన్ని ఇంకో లెక్క పట్టాలి. ఈ పనిలో ఏ ఒక్క తనిఖీ సరిపోదు.

ఐఎన్‌ఎస్ నంబర్లకు ఒక నిర్ణీత జాబితా ఉంది కదా, దాంతో పోల్చి చూస్తే చాలనిపిస్తుంది. 330 సిట్రిక్ ఆమ్లం. దాన్ని 380గా చదివితే? 380 కూడా జాబితాలో ఉంది, అది ట్రైఅమ్మోనియం సిట్రేట్, అదీ పులుపును అదుపుచేసేదే. పోలిక పాసవుతుంది, పట్టిక తప్పుతుంది.

నిబంధనలోని ఒక వెసులుబాటు కూడా గుర్తుంచుకోవాలి. ఒక మిశ్రమం మొత్తంలో 5 శాతం కంటే తక్కువుంటే, అందులోని పనిచేసే సంకలితాలు తప్ప మిగతా పదార్థాలను విడదీసి చెప్పనక్కరలేదు. ఇంకో ప్యాకెట్ మీద మసాలాల పక్కన బ్రాకెట్ లేకపోతే, మన ప్రోగ్రాం వదిలేసిందని కంగారుపడాల్సిన పని లేదు.

అలర్జీ వాక్యాలను పదార్థాల జాబితాలో కలపకూడదు. "ఉన్నాయి", "ఉండవచ్చు" అన్నవి రెండు వేరువేరు గళ్ళు. రొయ్యలు, పీతల జాతి మన నిబంధనల్లో తప్పకుండా చెప్పాల్సిన అలర్జీ పదార్థం. రొయ్యల పొడి, కారప్పొడి ఒకే చోట ప్యాక్‌చేసే నెల్లూరు వైపు తయారీదారుల లేబుళ్ళ మీద ఈ తేడా ఊహలోది కాదు. కారప్పొడి మీద "రొయ్యలు ఉండవచ్చు" అని ఉంటే, పట్టికలో అది రొయ్యలు కలిపిన సరుకుగా మారకూడదు, అలాగని ఎగిరిపోనూ కూడదు. తెలుగులో అచ్చేసిన లేబుళ్ళ దగ్గర ఇంకో మెలిక. "శనగ" అని వెతికితే "వేరుశనగ" కూడా దొరుకుతుంది, "వేరుశనగ" అని వెతికితే "పల్లీలు" దొరకవు. మాటను పూర్తిగా పోల్చి, లేబుల్ మీది పేరును ఒక గడిలో, అందరికీ ఉమ్మడిగా పెట్టుకున్న పేరును ఇంకో గడిలో ఉంచేది అందుకే. శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు త్రికోణం అక్షరాలు కావు కాబట్టి ఓసీఆర్‌కు అవి కనబడనే కనబడవు.

## రెండు పద్ధతులు, రెండు రకాల తప్పులు

ఇంతదాకా చెప్పింది ఓసీఆర్, దాని వెనక నియమాలు రాసుకునే పద్ధతి. ఇప్పుడు ఫొటోను నేరుగా చూసి పట్టిక రాసిచ్చే పెద్ద ఏఐ మోడళ్ళు వచ్చాయి. ఏది మేలన్న దాని మీద ఈ పని చేసేవాళ్ళలోనే ఏకాభిప్రాయం లేదు.

మోడళ్ళ పక్షాన ఉన్నవాళ్ళ వాదన బలమైనదే. ప్రతి ప్యాకెట్ అమరిక వేరు, ఒక్కో తయారీదారుకు ఒక్కో నియమం రాస్తూ కూర్చోవడం తెగే పని కాదు. మోడల్ మడతను, వంపును చాలావరకు తట్టుకుంటుంది. బ్రాకెట్లు, నిలువువరుసలు చెప్పకుండానే అర్థం చేసుకుంటుంది. రెండోవైపు వాళ్ళ అభ్యంతరం తప్పుల తీరు గురించి. ఓసీఆర్ తప్పు చేస్తే 344 లాంటి వికారమైన తప్పు చేస్తుంది, చూడగానే తెలుస్తుంది. మోడల్‌కు అంకె కనబడకపోతే పల్లీల తినుబండారాల్లో మామూలుగా ఉండే అంకెను రాసేసే ప్రమాదం ఉంది. అది అందంగా, నమ్మదగినట్టుగా ఉంటుంది, పైన చెప్పిన లెక్కలకు కూడా దాదాపు సరిపోవచ్చు. పైగా ఓసీఆర్ ప్రతి మాటకూ ఫొటోలో స్థానం చూపిస్తుంది. మోడల్ ఇచ్చిన అంకె ఏ గడి నుంచి వచ్చిందో అంత కచ్చితంగా తెలియదు. ఓసీఆర్ సొంత కంప్యూటర్‌లో ఖర్చు లేకుండా నడుస్తుంది, చాలా మోడళ్ళకు ఫొటోను బయటికి పంపాలి.

రెంటితోనూ చదివించి, తేడా వచ్చిన గళ్ళను మాత్రం మనిషికి పంపేవాళ్ళున్నారు. తప్పుల తీరు వేరు కాబట్టి రెండూ ఒకేచోట ఒకేలా తప్పే అవకాశం తక్కువ. ఒక్క సందర్భంలో మాత్రం ఈ లెక్క చెల్లదు. చుక్క ఫొటోలోనే లేనప్పుడు ఇద్దరూ 344 అనే చదవొచ్చు, ఏకాభిప్రాయం చూసి మనం నమ్మేస్తాం.

బార్‌కోడ్ నంబరుతో వివరాలు తెచ్చుకుంటే సరిపోతుంది కదా అన్నది మూడో మాట. 2012లో ఫ్రాన్స్‌లో మొదలైన ఓపెన్ ఫుడ్ ఫ్యాక్ట్స్ లాంటి ఉచిత సమాచార నిధులు దానికే ఉన్నాయి. పెద్ద బ్రాండ్లకు అది పనికొస్తుంది. బార్‌కోడే లేని చిన్న తయారీదారుల సరుకుకు పనికిరాదు. తయారీ మార్చి, బార్‌కోడ్ మార్చకుండా అమ్మే సరుకుకు పాత వివరాలు వచ్చి పడతాయి.

## లేబులే తప్పయితే

ఒక్కోసారి చదవడం అంతా సరిగ్గానే ఉంటుంది, అచ్చులోనే తప్పుంటుంది. శక్తి దగ్గర `2243 kcal` అని ఉందనుకోండి. వంద గ్రాముల అచ్చమైన నూనెకే 900 క్యాలరీలు మించవు. 536 కిలో క్యాలరీలను 4.184తో హెచ్చిస్తే 2243 కిలోజౌళ్ళు వస్తాయి. ఎవరో కిలోజౌళ్ళలో లెక్కగట్టి, పక్కన యూనిట్ మార్చడం మరిచారు.

పట్టికలో ఏం రాయాలి? షుగర్ ఉన్నవాళ్ళకు తిండి చెప్పే డైటీషియన్‌కు 536 కావాలి. లేబుళ్ళు తనిఖీ చేసే అధికారికి 2243 కావాలి, ఎందుకంటే ఆయనకు కావాల్సింది ఆ తప్పే. ఆన్‌లైన్‌లో అమ్మే కొట్టుకు ఇంకో ఇబ్బంది. కొనేవారికి లేబుల్ మీది వివరాలే చూపించాలి, వాటిని తనంతట తాను దిద్దితే ప్యాకెట్ మీద ఒకటి, తెర మీద ఒకటి అవుతుంది. నా వరకు `printed` గడిలో 2243 అలాగే ఉండాలి, `value` గడిని ఖాళీగా వదిలి, `status` లో లేబుల్ తప్పు అని రాయాలి. 536 అన్న అంచనాను ఇంకో గడిలో, అంచనా అని చెప్పి ఉంచుకోవచ్చు. కొట్టు నుంచి తయారీదారుకు ఒక ఫోను వెళితే తర్వాతి అచ్చులో సరిచేస్తారు. అప్పుడు వచ్చే కొత్త ప్యాకెట్‌కు పాత వరుసను దిద్దకుండా, బ్యాచ్ నంబరుతో కొత్త వరుస వేసుకోవాలి, ఎందుకంటే పాత అచ్చు ప్యాకెట్లు ఇంకా షెల్ఫుల్లో ఉంటాయి.